నాన్నను నవ్వించకండి

"అయ్యా, ఇది మా నాన్నగారి ఫొటో. ఆయన పోయాక బీరువాలో పాసుపుస్తకం మధ్య మడతపడి దొరికింది. మడత ఎడమ కనుబొమ మీదుగా పెదవి చివరిదాకా దిగింది. పెద్దకర్మ నాటికి 12 బై 18 అంగుళాల సైజులో ఫ్రేము కట్టించి ఇవ్వండి. ఒక్కటే మనవి. ఆయన ఇంట్లోనూ ఇలాగే గంభీరంగా ఉండేవారు. దయచేసి నవ్వించకండి."

పోస్టుకార్డు సైజు నలుపు-తెలుపు ఫొటోతో ఒక కొడుకు స్టూడియోకు రాసిన ఉత్తరమిది. ఆ చివరి మాటే అసలు పని.

పాత నలుపు-తెలుపు ఫొటోలో బొమ్మ కాగితం మీది పలుచని జెలటిన్ పొరలో ఉంటుంది. మడతపడితే ఆ పొర పగిలి రాలిపోయి, కింది తెల్లదనం బయటపడుతుంది. రాలినచోట బొమ్మే ఉండదు కాబట్టి ఇస్త్రీ పెట్టినా లాభం లేదు, పైగా వేడికి మిగిలిన పొర కూడా పాడవుతుంది. అందుకే ఫొటో జోలికి పోకుండా స్కాన్ తీసి, ఆ కాపీ మీదే దిద్దుతారు. ఇంత చిన్న ఫొటోను అంత పెద్దది చేయాలంటే 1200 డీపీఐలో స్కాన్ చేయాలి.

చిక్కంతా కనుబొమల దగ్గర. నాన్నగారి నొసట నిలువు గీత ఉంది, పక్కనే మడత గీత. రెండూ కలిపి చెరిపేస్తే గాంభీర్యం కాస్తా పోతుంది. తేడా తెలియాలంటే ఫొటోను అడ్డంగా తిప్పి మరోసారి స్కాన్ చేయాలి. స్కానర్ వెలుగు ఒక పక్క నుంచే పడుతుంది కనుక మడత నీడ మారిపోతుంది. నొసటి గీత మారదు, అది బొమ్మలోదే. మారినదాన్ని చెరపాలి, మారనిదాన్ని ముట్టుకోకూడదు.

పెదవి చివర రాలిపోయింది. కుడి చివరను కాపీ చేసి, తిప్పి అతికించడం చాలామంది చేసే పని. కానీ ఎవరి ముఖమూ రెండు పక్కలా ఒకేలా ఉండదు. అతికించిన చివర వెంట్రుకవాసి పైకి లేచినా ముసిముసి నవ్వు వచ్చేస్తుంది. దానికి బదులు అదే వయసులో తీసిన మరో ఫొటో, పెళ్లి గ్రూపు ఫొటో అయినా సరే, ఎదురుగా పెట్టుకుని చుట్టూ ఉన్న నీడలతోనే ఖాళీ పూరించాలి. బుగ్గలు నున్నగా చేయడం, కోటు తొడగడం అడగందే చేయకూడదు.

మీరూ ఇలాంటి ఫొటో ఇస్తుంటే ఏది చెరపాలో, ఏది ఉంచాలో కాగితం మీద రాసివ్వండి. అసలు ఫొటోతోపాటు దిద్దని స్కాన్ కూడా అడిగి తీసుకోండి. పెద్ద ప్రింటు వేయకముందే, ఆయన్ను బాగా ఎరిగిన ఇంటి పెద్దలకు ఒకసారి నమూనా చూపించండి.