సదస్సుకు ముందు రాత్రి

రాత్రి పదకొండు దాటింది. రేపు హైదరాబాద్‌లో విత్తనాలపై పెద్ద సదస్సు. వక్తల ఇంగ్లిష్‌ను వింటూనే తెలుగులో, రైతుల తెలుగును ఇంగ్లిష్‌లో చెప్పాల్సిన అనువాదకురాలికి ఇప్పుడే మెయిల్ వచ్చింది: 'స్పీచ్ విల్ బీ షేర్డ్ టుమారో మార్నింగ్.' ఆమె గుండె గుభేలుమంది.

కఠిన పదాలకు ముందే పట్టిక రాసుకోవచ్చు. అసలు గండం అంకెలే. 'త్రీ పాయింట్ ఫోర్ మిలియన్' వినగానే 34 లక్షలు అనాలి, 'టూ బిలియన్' అయితే 200 కోట్లు. ఆ లెక్క తేలేలోపు తర్వాతి వాక్యం జారిపోతుంది. అందుకే గాజు గదిలో ఇద్దరు కూర్చుని, ఇరవై ముప్పై నిమిషాలకోసారి వంతు మార్చుకుంటారు. ఖాళీగా ఉన్నవారు అంకెలు రాసి పక్కకు జరుపుతారు.

రైతు మాట్లాడితే చిక్కు వేరు. "ఆ విత్తనం వేసినోళ్లకి కంపెనీ నష్టపరిహారం ఇస్తదని మేము..." నమ్మారా, నమ్మలేదా? క్రియ చివర్లో గానీ రాదు. ఆగితే వెనకబడతారు, ఊహిస్తే తప్పవచ్చు. అనుభవజ్ఞులు 'ఆన్ కాంపెన్సేషన్ ఫర్ దోజ్ హూ యూజ్డ్ దట్ సీడ్' అని విషయాన్ని ముందు పెట్టి, క్రియ వచ్చాక వాక్యం ముగిస్తారు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా గొప్పగా తోచే నేర్పు ఇదే.

ఆమె జోడీకి ఫోన్ చేసింది. "అక్కా, స్పీచ్ రాలేదు."

"ఆయన పాత వీడియో విను. కాగితం చూసి చదివే మనిషైతే ఊపిరి తిప్పుకోనివ్వడు. పొద్దున్నే 'ప్లీజ్ గో స్లో' అని చెప్పిద్దాం."

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఆయన చదివే మనిషే.