కాగితం మీది కంట్రోలర్ చిప్‌లోకి దిగితే

మోటారు వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్‌ను కాగితం మీద రాసినప్పుడు కాలం ఎక్కడా తెగదు. దాన్ని నడిపే మైక్రోకంట్రోలర్ మాత్రం T సెకన్లకు ఒకసారి వేగం చూసి, ఒక విలువ పంపి, మళ్లీ చూసేదాకా అదే విలువను పట్టుకుని ఉంటుంది. మొదటిదాన్ని రెండోదానిగా మార్చడానికి ఎక్కువగా వాడేది బైలీనియర్ మార్పిడి. బ్రిటిష్ ఇంజినీరు ఆర్నాల్డ్ టస్టిన్ పేరుతో దీన్ని టస్టిన్ పద్ధతి అనీ అంటారు.

చేయాల్సింది ఒక్కటే. సూత్రంలో s ఉన్నచోటల్లా (2/T)(z−1)/(z+1) రాయాలి. రెండు శాంపిళ్లను సరళరేఖతో కలిపి, దాని కింది వైశాల్యాన్ని సమలంబ చతుర్భుజంగా లెక్కగట్టడమే ఇందులోని కిటుకు. దీన్ని తిరగేసి రాస్తే |z| అంటే s బిందువుకు −2/T నుంచి ఉన్న దూరాన్ని +2/T నుంచి ఉన్న దూరంతో భాగించగా వచ్చేది. స్థిరమైన పోల్ నిలువు అక్షానికి ఎడమన ఉంటుంది కాబట్టి −2/T కే దగ్గర. భాగఫలం 1 కన్నా తక్కువే. అంటే ఆ పోల్ z-తలంలో యూనిట్ వృత్తం లోపలే పడుతుంది. T ఎంతైనా ఇది తప్పదు.

ఈ హామీ కంట్రోలర్‌కే గానీ, మోటారుతో కలిసిన లూపుకు కాదు. తరచూ పొరపాటు జరిగేది ఇక్కడే. మోటారు 1/(s+1), PI కంట్రోలర్ K(s+1)/s అనుకుందాం. కాగితం మీద లూపు పోల్ s = −K దగ్గర ఉంటుంది, K ఎంత పెంచినా స్థిరమే. T = 0.1 సెకన్లు, K = 5 తో మారిస్తే చిప్‌లో రాయాల్సింది ఇంతే:

```
u = u_prev + 5.25*e - 4.75*e_prev
```

పట్టి ఉంచిన విలువతో నడిచే మోటారు పోల్ 0.9048 దగ్గర, కంట్రోలర్ జీరో కూడా దాదాపు అక్కడే పడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పూర్తిగా రద్దు కావు గనుక అక్కడ ఒక పోల్ మిగులుతుంది, కానీ అది వృత్తం లోపలే. రెండో పోల్ సుమారు z = 1 − 0.1K. K = 5 అయితే 0.5, వేగం సాఫీగా కుదురుకుంటుంది. K = 15 అయితే −0.5, తప్పు ప్రతి శాంపిల్‌కూ గుర్తు మార్చుకుంటూ తగ్గుతుంది. K = 25 అయితే −1.5, వృత్తం దాటింది. తప్పు ఒకసారి అటు, ఒకసారి ఇటు, ప్రతిసారీ ఒకటిన్నర రెట్లు పెరుగుతూ పోతుంది. హద్దు K = 20 దగ్గర. ఇలా శాంపిల్‌కోసారి గుర్తు మారే ఊగిసలాట కనిపిస్తే పోల్ ఋణాత్మక అక్షం మీద ఉందనుకోవచ్చు. విలువను పట్టి ఉంచడం వల్ల వచ్చే ఆలస్యమే దీనికి మూలం.

K = 25 నే కావాలంటే T ని 0.02 కు తగ్గించాలి. అప్పుడు పోల్ మళ్లీ 0.5 దగ్గరికి వస్తుంది. అయితే గుణకాలు కూడా 25.25, 24.75 గా మారాలి. టైమర్ ఒక్కటే మార్చి పాత గుణకాలు వదిలేస్తే చిప్‌లో నడిచేది వేరే కంట్రోలర్.