తప్పిపోయిన 163 బిల్లులు

తెనాలిలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ నడిపే మా బావ ఆగస్టు మొదటి వారంలో ఫోన్ చేశాడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో జూలై అమ్మకాల రిపోర్టు తెరిస్తే 4,812 బిల్లులు కనిపిస్తున్నాయి. దాన్నే ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే 4,649 వరసలే వస్తున్నాయి. 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 వెయ్యాలి. కంపెనీ సపోర్టుకి అప్పటికే మెయిల్ పెట్టాడు: ‘రిపోర్టు సరిగా రావడం లేదు, అర్జెంటు.’ కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసి చూడమని జవాబొచ్చింది.

“వాళ్లకేం పట్టదురా” అన్నాడు బావ.

కొన్నేళ్లు ఆ సపోర్టు సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు వాళ్లమీద అంత కోపం రాలేదు. ఆ మెయిల్లో పట్టుకోవడానికి ఏముంది? వరసలు తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి. ఎన్ని తగ్గాయన్నదాని కంటే ఏవి తగ్గాయన్నదే ఆచూకీ ఇస్తుంది. ఫైలు సరిగ్గా 5,000 దగ్గరో 10,000 దగ్గరో ఆగిందంటే ఎవరో పరిమితి పెట్టారని అర్థం. అక్కడొకటి ఇక్కడొకటి పోతే, ఆ బిల్లులన్నీ మాస్టర్లోంచి తీసేసిన ఏదో ఒక పార్టీవి కావచ్చు.

పరిమితి దెబ్బకి పెద్ద ఉదాహరణ ఇంగ్లండ్‌లో ఉంది. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా అక్కడి ప్రజారోగ్య సంస్థ లెక్కల్లో 15,841 కోవిడ్ కేసులు చేరలేదు. ల్యాబుల ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి మార్చారు. ఆ రకం ఫైల్లో 65,536 వరసలే పడతాయి. మిగిలినవి జారిపోయాయి. వాళ్లకి పాజిటివ్ అని కబురు వెళ్లింది గానీ, వాళ్లు కలిసినవాళ్లను వెతకడం మాత్రం ఆలస్యమైంది.

మా 4,649 అలాంటి గుండు సంఖ్య కాదు. ముందు ఎక్సెల్‌లో ఫిల్టర్ ఏదీ పెట్టి లేదని చూశాం. లెక్కలో శీర్షిక వరసను, కింది మొత్తాల వరసను కలపలేదని తేల్చుకున్నాం. తర్వాత ఫైల్లోని బిల్లులను తేదీలవారీగా పివట్ టేబుల్ వేసి, స్క్రీన్ మీది రోజువారీ రిపోర్టు పక్కన పెట్టాం. ఒకటి నుంచి ముప్ఫై దాకా ఒక్క బిల్లు తేడా లేదు. 31వ తేదీ ఫైల్లో అసలు లేనే లేదు. స్క్రీన్ మీద ఆ రోజు బిల్లులు 163.

ఇంకో రెండు ప్రయత్నాలు చేశాం. 31 నుంచి 31 వరకూ ఎక్స్‌పోర్ట్ చేస్తే శీర్షిక ఒక్కటే వచ్చింది. జూలై 1 నుంచి ఆగస్టు 1 వరకూ చేస్తే 4,812 వచ్చాయి! ఆగస్టు 1వ తేదీ బిల్లు ఒక్కటీ రాలేదు.

అప్పుడు రెండో మెయిల్ రాశాం. సబ్జెక్టులో ‘అమ్మకాల రిపోర్టు ఎక్స్‌పోర్టులో ఆఖరి రోజు బిల్లులు రావడం లేదు’ అని పెట్టాం. లోపల వెర్షన్ నంబరు, ఇచ్చిన తేదీలు, నొక్కిన బటన్లు వరసగా, స్క్రీన్ సంఖ్య, ఫైలు సంఖ్య, ఆ రెండు ప్రయత్నాల ఫలితాలు, రాని బిల్లుల్లో మూడింటి నంబర్లు. ఫైలంతా జతచెయ్యబోతే బావని ఆపాను. అందులో మెడికల్ షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. వాళ్ల దగ్గర వెతకడానికి మూడు నంబర్లు చాలు. రిటర్ను గడువు 11 అని ఆఖర్న ఒక్క వాక్యం. ‘అర్జెంటు’ అన్న మాట లేదు.

మర్నాడే ప్రోగ్రామర్ నుంచి జవాబొచ్చింది. ఎక్స్‌పోర్టులో షరతు ఇలా ఉందట:

```
bill_time <= '2025-07-31'
```

డేటాబేసులో బిల్లు తేదీతోపాటు గంటా నిమిషం కూడా ఉంటాయి. ఉత్త తేదీ ఇస్తే దాన్ని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 00:00గా తీసుకుంటుంది. పొద్దున పదింటికి కొట్టిన బిల్లు ఆ గీతకి అవతల పడుతుంది. స్క్రీన్ రిపోర్టు గంటలను వదిలేసి తేదీనే పోలుస్తుంది కాబట్టి అక్కడ లెక్క తప్పలేదు. ఉండాల్సింది ఇది:

```
bill_time < '2025-08-01'
```

సరిచేసిన వెర్షన్ వచ్చేదాకా మరుసటి రోజు తేదీ ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేసుకోమన్నారు. మాకది అప్పటికే తెలుసు. కింద ఒక ప్రశ్న కూడా అడిగారు: పాత నెలల ఫైళ్లు ఎలా ఉన్నాయి?

బావ జూన్ ఫైలు తెరిచాడు. 30వ తేదీ లేదు. ఆ నెల రిటర్ను ఆ ఫైలుతోనే వేశాడు.