దుప్పటా, నిద్ర సంచా?

ఏడాదిలోపు పాప నిద్రలో కాళ్లు తన్నిందంటే దుప్పటి జారిపోతుంది, లేదా ముఖం మీదికొస్తుంది. ఊపిరాడకపోయే ప్రమాదం ఈ రెండో దానితోనే. చేతులు బయటికుండే నిద్ర సంచి తొడిగితే ఆ భయం ఉండదు. మెడ దగ్గర మాత్రం వదులుగా ఉండకూడదు, తల లోపలికి జారుతుంది. బరువులు కుట్టిన సంచులు వద్దు.

సంచి వెచ్చదనాన్ని ‘టాగ్’లలో చెబుతారు. గది 24-27 డిగ్రీలుంటే 0.5, 20-24 మధ్య 1, 16-20 మధ్య 2.5 టాగ్ సుమారుగా సరిపోతాయి.

లండన్‌లో చలికాలపు పడకగది 18 డిగ్రీలుందనుకోండి. పొడుగు చేతుల నూలు చొక్కా మీద 2.5 సంచి చాలు. హీటర్ వేశాక గది 22కి చేరితే అదే సంచి ఉక్కపోస్తుంది. 1 టాగ్‌కు మార్చాలి. హైదరాబాద్‌లో ఏసీ 25లో పెడితే 0.5 చాలు. ఫ్యాన్ కింద 30 డిగ్రీల గదిలో సంచే అక్కర్లేదు, పల్చటి నూలు జుబ్బా చాలు.

చేతులు చల్లగా ఉన్నాయని అమ్మమ్మలు కంగారు పడతారు. అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనకో, ఛాతీ మీదో తాకి చూడండి: చెమట పడితే ఒక పొర తీసేయాలి. సంచి మీద మళ్లీ దుప్పటి కప్పితే లెక్కంతా తప్పుతుంది.