పోస్టర్ ముందు ఒక్క వాక్యం

పోస్టర్ సెషన్‌లో జనం నడుస్తూనే చదువుతారు. ఎవరైనా అడుగు నెమ్మదించి శీర్షిక వైపు చూశారంటే, మాట్లాడాల్సింది అప్పుడే. చాలామంది విద్యార్థులు అక్కడ పేరు, యూనివర్సిటీ, గైడు, ల్యాబు అంటూ మొదలుపెడతారు. అసలు సంగతి వచ్చేసరికి ఆయన పక్క పోస్టర్ దగ్గర ఉంటారు.

ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్గొండ పద్ధతి మీద ఒకమ్మాయి పనిచేస్తోందనుకుందాం. ‘డీఫ్లోరిడేషన్‌లో అవశేష అల్యూమినియం మూల్యాంకనం’ అని శీర్షికే పైకి చదివితే ఎవరికీ ఎక్కదు. దాని బదులు ఇలా అనొచ్చు: ‘‘నమస్తే అండీ, నా పేరు సుజాత. పటిక వేస్తే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుంది కదా, ఆ పటికలోని అల్యూమినియం తాగే నీళ్లలో ఎంత మిగులుతోందో చూశాను. సున్నం పాళ్లు తప్పితే ఎక్కువ మిగులుతోంది.’’

తెలిసిన విషయం, సందేహం, జవాబు వరుసగా వచ్చేశాయి. పీహెచ్, పరికరం పేరు ఇందులో లేవు; అవి అడిగాక చెప్పేవి.

ఇక ఆగాలి. నన్నడిగితే, ఆగడమే కష్టం. ‘‘ఎంత సున్నం?’’ అన్నారా, వేలు గ్రాఫ్ మీదికి వెళ్లాలి. ఊరికే తలూపితే ఏదో మాట అందలేదన్నమాట. అప్పుడు ‘‘మీరూ నీటి మీదే పనిచేస్తారా అండీ?’’ అని అడిగితే ఎంత లోతుకు వెళ్లాలో తెలుస్తుంది. కెమిస్ట్రీ ప్రొఫెసరైతే, అల్యూమినియం ఎలా కొలిచావమ్మా అని నేరుగా అక్కడికే వస్తారు.