ఈదురుగాలికి ఏ గొడుగు?

విశాఖ బీచ్ రోడ్డు దగ్గర బస్సు దిగి, భుజాన బ్యాగుతో పది నిమిషాలు నడిచి ఆఫీసుకు చేరే ఉద్యోగిని గొడుగు కొనాలనుకుంది. ఆమెను ఇబ్బంది పెట్టేది వాన కాదు, సముద్రం మీంచి విసిరికొట్టే గాలి.

అందుకే ముందు చూడాల్సింది వెడల్పు. గంటకు 36 కిలోమీటర్ల గాలి నేరుగా లోపలి వైపు తగిలితే, మీటరు వెడల్పున్న గొడుగును సుమారు 6 కిలోల బలంతో లాగుతుంది. 120 సెంటీమీటర్ల గొడుగైతే అది 9 కిలోల దాకా వెళ్తుంది. వెడల్పు కొంచెమే పెరిగినా గాలికి చిక్కే గుడ్డ బాగా పెరుగుతుంది మరి. ఒక మనిషికి, ఒక బ్యాగుకు మీటరు చాలు. చీటీ మీద ఉండే అంగుళాలు చాలాసార్లు ఊచ పొడవును చెబుతాయి. కాబట్టి గొడుగు తెరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు టేపుతో కొలవండి.

తర్వాత ఊచలు. సన్నటి ఉక్కు ఊచ ఒకసారి వంగితే వంగినట్టే ఉంటుంది, పైగా ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. ఫైబర్‌గ్లాస్ ఊచ వంగి మళ్లీ నిటారుగా వస్తుంది. అయితే గొడుగు ఎక్కువగా విరిగేది ఊచ మధ్యలో కాదు, కీళ్ల దగ్గర. మూడు మడతల గొడుగులో కీళ్లు ఎక్కువ. తెరిచిన గొడుగు ఊచ చివర పట్టుకుని పక్కలకు మెల్లగా కదిపి చూడండి. రివిట్ల దగ్గర లొడలొడలాడితే వదిలేయండి.

పైన మరో గుడ్డ పొరతో రెండంచెలుగా ఉండే గొడుగుల్లో, లోపల చిక్కిన గాలి ఆ సందులోంచి బయటికి పోతుంది. తిరగబడే ప్రమాదం తగ్గుతుంది. కొన్నిటిలో ఆ పొర అలంకారానికే ఉంటుంది. కింది నుంచి చేయి పెట్టి చూడండి, వేళ్లు బయటికి రావాలి. పై పొర కింది గుడ్డను బాగా కప్పకపోతే ఆ సందులోంచే వాన కారుతుంది.

ఇక బరువు. పావుకిలో కూడా లేని గొడుగులో కాడ, ఊచలు సన్నగా ఉంటాయి. అరకిలో దాటితే రోజూ మోయబుద్ధి కాదు, చివరికి ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ ఉద్యోగినికి 350 నుంచి 450 గ్రాముల మధ్య, ఫైబర్‌గ్లాస్ ఊచలతో, రెండు పొరలతో, మీటరు వెడల్పున్న మడత గొడుగు సరిపోతుంది.

పట్టుకునేటప్పుడు గొడుగు వీపు గాలికి ఎదురుగా ఉండాలి, తల దగ్గరకు దించి పట్టాలి. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది, 6 కిలోలు 24 అవుతాయి. అంత గాలిలో మంచి గొడుగునైనా మడిచేసి రెయిన్‌కోటు వేసుకోవాల్సిందే.