పాలు తాగిన పిల్లలు, తాగని పిల్లలు: రిస్క్ ఆఫ్ బయాస్ ఎలా తేల్చాలి?

పోయిన ఎపిసోడ్‌లో సిస్టమాటిక్ రివ్యూ కోసం స్టడీలు వెతకడం, వాటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నంత వరకు వచ్చాం. ఇప్పుడు మన చేతిలో ఒక పది, పదిహేను ట్రయల్స్ ఉన్నాయనుకుందాం. వాటిల్లో ఏ ఫలితాన్ని ఎంత నమ్మాలి? దీన్నే రిస్క్ ఆఫ్ బయాస్ అసెస్‌మెంట్ అంటాం. ర్యాండమైజ్డ్ ట్రయల్స్‌కి ఇప్పుడు ఎక్కువగా వాడేది 2019లో వచ్చిన రాబ్ 2 అనే టూల్. ఇందులో ఐదు డొమైన్లు ఉంటాయి. ఒక్కో డొమైన్‌కి కొన్ని ప్రశ్నలు, ఆ జవాబులను బట్టి ఒక జడ్జ్‌మెంట్: లో రిస్క్, సమ్ కన్సర్న్స్, లేదా హై రిస్క్.

ఐదు డొమైన్ల పేర్లు బట్టీ పట్టడం కష్టం కాదండీ. ఒక అసలు పేపర్ ముందు పెట్టుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. అందుకని ఈ రోజు ఒక్క స్టడీనే తీసుకుని నడుద్దాం. పాతది, కానీ ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

స్కాట్లాండ్‌లో లానార్క్‌షైర్ అని ఒక ప్రాంతం. 1930లో అక్కడి బడుల్లో దాదాపు ఇరవై వేల మంది పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. ఐదు వేల మందికి రోజూ పచ్చిపాలు, ఐదు వేల మందికి పాశ్చరైజ్ చేసిన పాలు, ముప్పావు పింట్ చొప్పున, అంటే మన లెక్కలో సుమారు 425 మిల్లీలీటర్లు. మిగతా పది వేల మందికి పాలు ఇవ్వలేదు, వాళ్లు కంట్రోల్ గ్రూప్. ఫిబ్రవరిలో అందరి బరువు, ఎత్తు చూశారు. జూన్‌లో మళ్లీ చూశారు. పాలు తాగిన పిల్లలు ఎక్కువ పెరిగారని ఫలితం వచ్చింది. బడుల్లో పాలు పంచాలా వద్దా అనే నిర్ణయానికి ఇలాంటి ఫలితమే ఆధారం అవుతుంది. ఇరవై వేల మంది అంటే ఎవరైనా నమ్మేస్తారు కదా!

తర్వాతి ఏడాది, 1931లో, స్టూడెంట్ అనే కలం పేరుతో రాసే విలియం గాసెట్ దీన్ని విప్పి చూశాడు. మనం స్టూడెంట్ టీ టెస్ట్ అంటామే, ఆ స్టూడెంటే. ఆయన చెప్పిన విషయాలను రాబ్ 2 ఫారంలో నింపితే ఎలా ఉంటుందో చూద్దాం.

మొదటి డొమైన్ ర్యాండమైజేషన్. ఇక్కడ అసలు ప్రశ్నలు మూడు. కేటాయింపు నిజంగా ర్యాండమ్‌గా జరిగిందా? తర్వాతి బిడ్డ ఏ గ్రూప్‌లో పడతాడో చేర్చేవాళ్లకు ముందే తెలియకుండా దాచారా? మొదట్లో రెండు గ్రూపుల మధ్య కనిపించే తేడాలు, కేటాయింపులో ఏదో జరిగిందని చెబుతున్నాయా?

లానార్క్‌షైర్‌లో కొన్ని బడుల్లో చీటీలు వేశారు, కొన్నిట్లో పేర్ల అక్షర క్రమంలో తీసుకున్నారు. అక్షర క్రమం ర్యాండమ్ కాదు, అది సరే. అసలు దెబ్బ తర్వాత పడింది. ఏదైనా గ్రూప్‌లో బాగా తిండి ఉన్న పిల్లలు గానీ, బక్కచిక్కిన పిల్లలు గానీ మరీ ఎక్కువయ్యారనిపిస్తే, వాళ్లను మార్చి సమానం చేయవచ్చని వెసులుబాటు ఇచ్చారు. మంచి ఉద్దేశమే. కానీ మన ఊరి బడిలో టీచరమ్మ చేతికే ఆ అధికారం ఇస్తే ఏం జరుగుతుందో ఊహించండి. పాలు ఎవరికి అవసరమో ఆమె కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. తెలిసో తెలియకో పేద పిల్లాడు పాల వైపు వెళ్తాడు.

జరిగింది అదేనని స్టూడెంట్ అంకెలు చూసి చెప్పాడు. ప్రయోగం మొదలయ్యే రోజుకే కంట్రోల్ పిల్లలు పాల పిల్లల కంటే పెద్దగా ఉన్నారు. బరువులో సుమారు మూడు నెలల ఎదుగుదల అంత, ఎత్తులో సుమారు నాలుగు నెలల ఎదుగుదల అంత తేడా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మొదట్లో తేడా కనిపిస్తే చాలు, హై రిస్క్ అని రాసేయకూడదు. నలభై మంది ఉన్న ట్రయల్‌లో సరిగ్గా ర్యాండమైజ్ చేసినా ఒక పక్క పెద్ద పిల్లలు ఎక్కువ పడవచ్చు, అది అదృష్టం మాత్రమే. ప్రశ్న తేడా ఉందా అని కాదు, అదృష్టంతో వివరించలేని తేడా ఉందా అని. పది వేల మంది ఒక వైపు, పది వేల మంది ఒక వైపు ఉన్నప్పుడు ఇంత తేడా అదృష్టం వల్ల రాదు. పైగా కేటాయింపు దాచలేదని మనకు ఖాయంగా తెలుసు. దాచలేదు అని జవాబు పడితే చాలు, టూల్ అల్గారిథమ్ నేరుగా హై రిస్క్‌కి తీసుకెళ్తుంది.

ఫారంలో జడ్జ్‌మెంట్ పక్కన కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. చాలామంది అక్కడ "ర్యాండమైజేషన్ సరిగా లేదు" అని రాసి వదిలేస్తారు. అది కారణం కాదండీ, జడ్జ్‌మెంట్‌నే మళ్లీ చెప్పడం. నేనైతే ఇలా రాస్తాను: "కొన్ని బడుల్లో అక్షర క్రమం వాడారు, కేటాయింపు తర్వాత పిల్లలను మార్చే వీలు ఇచ్చారు, మొదట్లోనే కంట్రోల్ పిల్లలు బరువులో సుమారు మూడు నెలలు, ఎత్తులో సుమారు నాలుగు నెలలు ముందున్నారు." ఇది చదివినవాళ్లు నాతో ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ దేని మీద వాదించాలో వాళ్లకు తెలుస్తుంది.

రెండో డొమైన్, అనుకున్న ప్రకారం కాకుండా జరిగిన మార్పులు. పాలు తాగుతున్నానా లేదా అని ఏ పిల్లాడికైనా తెలుస్తుంది, అది దాచలేం. కానీ తెలిసిందన్న ఒక్క కారణంతో మార్కు పడదు. తెలియడం వల్ల, ట్రయల్ జరుగుతోంది కాబట్టి మాత్రమే ఏదైనా మారిందా అన్నది ప్రశ్న. ఉదాహరణకు, బడిలో పాలిస్తున్నారు కదా అని అమ్మ ఇంట్లో పాలు తగ్గించింది అనుకోండి. ఇది బయాస్ అనిపిస్తుంది, కానీ కాదు. రేపు ప్రభుత్వం నిజంగా బడిలో పాలు పంచినా ఆ అమ్మ అదే చేస్తుంది. అది పథకం ప్రభావంలో భాగం. అదే కంట్రోల్ పిల్లల తల్లిదండ్రులు "మావాడికి అన్యాయం జరుగుతోంది" అని పట్టుబట్టి ఇంట్లో అదనంగా పాలు పోస్తే, అది ట్రయల్ వల్ల వచ్చిన మార్పు. ఆ సమాచారం పేపర్‌లో లేకపోతే సమ్ కన్సర్న్స్.

మూడోది మిస్సింగ్ డేటా. జూన్‌లో బరువు చూడని పిల్లలు ఎంతమంది అన్నదానికంటే ఎందుకు చూడలేదన్నది ముఖ్యం. కుటుంబం ఊరు మారితే ఒక కథ, జబ్బు చేసి బడికి రాకపోతే వేరే కథ. జబ్బుపడ్డ పిల్లలు బరువు తగ్గి ఉంటారు, లెక్కలోంచి తప్పిపోయిందీ వాళ్లే.

నాలుగోది కొలత. నాకు ఈ స్టడీలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. పిల్లల బూట్లు విప్పించారు, మగపిల్లల జేబుల్లో ఉన్న సామాను కూడా తీయించారు. అంత జాగ్రత్త! కానీ బట్టలతోనే తూచారు. ఫిబ్రవరి అంటే అక్కడ గడ్డకట్టే చలి, జూన్ అంటే వేసవి. ఉన్నవాళ్ల పిల్లాడు ఫిబ్రవరిలో బరువైన చలికాలపు బట్టలతో తూగాడు, జూన్‌లో పల్చని బట్టలతో తూగాడు. ఆ బట్టల అదనపు బరువంతా వాడి ఎదుగుదలలోంచి తగ్గిపోయింది. పేద పిల్లాడికి చలికాలమైనా ఎండాకాలమైనా ఇంచుమించు అవే బట్టలు, వాడికి తగ్గింది తక్కువ. పేద పిల్లలు పాల వైపు ఎక్కువ ఉన్నారు కాబట్టి, పాలు ఏమీ చేయకపోయినా పాల గ్రూప్ ఎక్కువ బరువు పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. దీన్ని నాలుగో డొమైన్‌లో రాయాలా, మొదటి దాంట్లోనా? ఇద్దరు రివ్యూయర్లు విడివిడిగా చేస్తే ఇక్కడే తేడా వస్తుంది. ఒకరంటారు: కాటా ఒకటే, రోజు ఒకటే, పద్ధతి ఒకటే, సరిగ్గా ర్యాండమైజ్ చేసి ఉంటే బట్టల బరువు రెండు వైపులా సమానమై కొట్టుకుపోయేది, కాబట్టి తప్పు మొదటి డొమైన్‌దే. ఇంకొకరంటారు: కారణం ఏదైనా, కొలతలోని పొరపాటు రెండు గ్రూపుల్లో వేర్వేరుగా ఉంది, నాలుగో డొమైన్‌లో అడిగేది అదే. నేను మొదటి వాదన వైపే మొగ్గుతాను, ఒకే జబ్బుకి రెండు చోట్ల శిక్ష వేయడం నాకు నచ్చదు. కానీ ఇద్దరూ కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చి, రివ్యూలోని అన్ని స్టడీలకూ అదే పద్ధతి పాటించడం ముఖ్యం.

ఇంకొకటి గమనించండి. బట్టల సమస్య బరువుకే, ఎత్తుకు లేదు. అందుకే రాబ్ 2లో జడ్జ్‌మెంట్ స్టడీ మొత్తానికి కాదు, ఒక్కో ఫలితానికి ఇస్తాం. ఒకే పేపర్‌లో బరువుకి ఒక ఫారం, ఎత్తుకి ఇంకో ఫారం. బరువులో బయాస్ పాలకు అనుకూలంగా ఉందని ధైర్యంగా రాయొచ్చు. ఎత్తు దగ్గర దిశ చెప్పడం కష్టం. పేద పిల్లలకు పాలు ఎక్కువ మేలు చేసి ఉండొచ్చు, లేదా ఇంట్లో తిండి లేక పాలు తాగినా తక్కువ పెరిగి ఉండొచ్చు. అలాంటప్పుడు దిశ చెప్పలేం అని రాయడమే సరి.

ఐదోది, చాలా లెక్కల్లోంచి నచ్చినదాన్ని ఏరుకుని చూపించారా అన్నది. ముందే రాసుకున్న ప్లాన్‌తో పోల్చి చూడాలి. పోల్చడానికి అలాంటి ప్లాన్ ఏదీ మన చేతిలో లేకపోతే, పాత స్టడీలన్నిటికీ పడినట్టే దీనికీ సమ్ కన్సర్న్స్.

మొత్తం జడ్జ్‌మెంట్ ఎలా? సగటు తీయకూడదు. ఒక్క డొమైన్ హై అయితే మొత్తం హై. నాలుగు డొమైన్లు బాగుంటే ఐదుకి నాలుగు మార్కులు వేద్దాం అనడం కుదరదు. మార్కులు వేసే స్కేళ్లు ఒకప్పుడు బాగా వాడేవారు. 1999లో యూని, ఆయన సహచరులు హెపారిన్ మీద వచ్చిన 17 ట్రయల్స్‌కి 25 రకాల స్కేళ్లు వాడి చూశారు. ఏ స్కేల్ వాడామన్నదాన్ని బట్టి, మంచి ట్రయల్స్ ఏం చెబుతున్నాయన్న జవాబే మారిపోయింది. మార్కుల పద్ధతి మీద నమ్మకం పోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఇక ఆ హై రిస్క్ అన్న ఎర్ర చుక్కను ఏం చేయాలి? చాలా రివ్యూల్లో రంగు చుక్కల పటం ఒకటి వేసి, పక్క పేజీలో అన్నిటినీ కలిపి మెటా అనాలిసిస్ చేసేస్తారు. లానార్క్‌షైర్ లాంటి స్టడీ మీ రివ్యూలో ఉందనుకోండి. మెటా అనాలిసిస్‌లో బరువు దక్కేది స్టడీ కచ్చితత్వాన్ని బట్టి, అంటే దాదాపుగా సైజుని బట్టి. నాలుగైదు వందల మందితో శ్రద్ధగా చేసిన ట్రయల్స్ నాలుగున్నా, ఇరవై వేల మంది ఉన్న ఈ ఒక్కటి వాటిని మింగేస్తుంది. సైజు పెరిగితే అదృష్టం వల్ల వచ్చే తప్పు తగ్గుతుంది గానీ బయాస్ అంగుళం కూడా కదలదు. తప్పు జవాబే చాలా కచ్చితంగా వస్తుంది. అందుకే ప్రధాన విశ్లేషణలో హై రిస్క్ ఫలితాలను పక్కన పెట్టి, అవి కలిపితే ఏమవుతుందో విడిగా చూపించమని నేను చెబుతాను. ఆ నిర్ణయం కూడా ఫలితాలు చూడకముందే ప్రోటోకాల్‌లో రాసుకోవాలి.

స్టూడెంట్ కూడా విమర్శించి ఊరుకోలేదు. ఒకే పోలికతో పుట్టిన కవల పిల్లల్ని యాభై జతలు తీసుకుని, ప్రతి జతలో ఒకరికి పాలిస్తే, ఖర్చు చాలా తగ్గి, అంతకంటే నమ్మదగిన జవాబు వచ్చేదని లెక్క వేశాడు.

వచ్చే ఎపిసోడ్‌లో ర్యాండమైజ్ చేయని స్టడీలకు వాడే టూల్ చూద్దాం. ఉంటానండీ.